నడుం తీసేసిన పేరు

కార్తీకమాసంలో రెండో శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు, విజయవాడ బెంజ్ సర్కిల్ వెనక ఒక అద్దె గదిలో ఉన్న మా మనవరాలిని, ఐర్లండులో కూర్చున్న దొర ఒకడు "గుడ్ మార్నింగ్, ఓడిపోయినదానా" అని పలకరించాడు. మనకు మూడయితే వాళ్లకు కాఫీ వేళట. మా పిల్ల నవ్వుతూ "గుడ్ మార్నింగ్" అంది. నేను మంచమ్మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను. ఒలిచిన గింజ నోట్లోకి పోలేదు.

దొరను అప్పుడే తిట్టకండి. నేను తిట్టాను, తర్వాత వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మా మనవరాలి పూర్తి పేరు వెంకట నాగ అపరాజిత. ఇంట్లో బుజ్జి. అపరాజిత అంటే ఓటమి లేనిది. ముందున్న 'అ' మింగేస్తే మిగిలేది పరాజిత. ఓడిపోయినది. ఆ దొర నోట్లోంచి వచ్చింది సరిగ్గా అదే.

బెంజ్ సర్కిల్

మాది కొండపల్లి. బొమ్మలకు రంగులు వేసి బతికినదాన్ని. కంటి డాక్టరుకు చూపించుకుందామని విజయవాడ వచ్చాను. డాక్టరు చుక్కలు వేసి, నాలుగు రోజులు ఊళ్లోనే ఉండమన్నాడు. అలా బుజ్జి గదిలో దిగాను.

చదువు నాకు ఆలస్యంగా వచ్చింది. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకొక జబ్బు పట్టుకుంది. కనిపించిన బోర్డునల్లా పైకి చదువుతాను. చుక్కలు వేసిన కళ్లతో కూడా వదల్లేదు. బెంజ్ సర్కిల్లో ఆటో దిగి బుజ్జి వాళ్ల ఇంటికి పోయేలోపు "ఫ్యామిలీ రెస్టారెంట్, లేడీస్ హాస్టల్, డెంటల్ కేర్, లోన్ ఇవ్వబడును" అన్నీ చదివేశాను. అన్నీ తెలుగు అక్షరాలే, తెలుగు మాట ఒక్కటే. అదీ అప్పు ఇచ్చేవాడిది.

మా ఊళ్లో ఇంటికో పేరు ఉంటుంది, మనిషికో తిట్టుపేరు ఉంటుంది. ఇక్కడ ఇళ్లకు నంబర్లు. కింద కాపలా అతను "ఎవరికోసమమ్మా?" అంటే "అపరాజిత" అన్నాను. తెలియదన్నాడు. "బుజ్జి" అన్నాను. అదీ తెలియదు. "మూడు వందల రెండు" అంటే "ఓ, మూడు వందల రెండా! పొండి, పొండి" అన్నాడు. ఏడాదిగా ఆ పిల్ల అతనికి మూడు వందల రెండే.

ఆ గదిలో బుజ్జితో పాటు ఇంకో పిల్ల ఉంటుంది, షమీమున్నీసా. వన్‌టౌనులో వాళ్ల నాన్నకు బట్టల కొట్టు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. వారంలో మూడు రోజులు ఆఫీసుకు పోతారు, రెండు రోజులు గదిలోనే ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని పని చేస్తారు. శుక్రవారం, సోమవారం గది రోజులు.

మీటింగు అయిపోయాక అడిగాను. "ఏమే, వాడు నిన్ను ఏమన్నాడో విన్నావా?"

"విన్నాలే అమ్మమ్మా. మూడు నెల్ల నుంచీ అదే."

"మరి పళ్లికిలిస్తావేం?"

"ఆయన కావాలని అనటంలా. వాళ్ల నోరు అంతే. పేరులో ఒక్కచోట బరువు పెట్టి మిగతావి మింగేస్తారు. నా పేరులో 'జి' మీదకెక్కి కూచుంటాడు. ముందున్న అ గాలికి పోద్ది."

షమీమ్ కుర్చీ ఇటు తిప్పింది. "అసలు మొదట వెంకట అన్నాడు అమ్మమ్మగారూ. కంపెనీ లెక్కలో మొదటి మాటే పేరు. మా జట్టులో అప్పటికే ముగ్గురు వెంకటలు ఉన్నారు, మగాళ్లు. 'వెంకటా, చెప్పు' అంటే నలుగురూ ఒకేసారి మాట్టాడేవాళ్లు."

నవ్వొచ్చింది గానీ, తర్వాత చెప్పింది విన్నాక పోయింది. మూడు నెలలుగా నోరు తిరక్క, తప్పు పలికితే బాధపడుతుందేమోనని ఆ దొర బుజ్జిని పిలవడమే తగ్గించేశాడట. బుజ్జి చేసిన పని గురించి కూడా "షమీమ్, మీ ఫ్రెండ్ చేసింది ఎంతవరకు వచ్చింది?" అని పక్కదాన్ని అడుగుతాడట. ఇప్పుడేమో సోమవారం నుంచి ఆ మూడు గంటల మీటింగు నడపవలసింది బుజ్జే. దొరే ఆ పని ఇచ్చాడు. ఇస్తూ, నీకు నచ్చిన పొట్టి పేరు ఒకటి పంపు, సోమవారం నుంచి తెర మీద, మెయిల్లో, కార్డు మీద అదే ఉంటుంది, మళ్లీ మార్చాలంటే తలనొప్పి అని రాశాడు. పేరు కుదరకపోతే మీటింగులో మళ్లీ చూపు షమీమ్ వైపే పోతుంది. బుజ్జికి ఇచ్చిన కుర్చీలో బుజ్జి ఉత్తినే కూర్చుని ఉంటుంది.

"నీ పేరు ఎట్లా కోశారే?" అని షమీమ్‌ని అడిగాను.

"నాది తేలిక. షమీమ్ అంటే సువాసన. నిసా అంటే ఆడవాళ్లు. వెనకది వదిలేస్తే సువాసన మిగిలింది. కాపోతే మొదట్లో దొర 'షామ్, షామ్' అనేవాడు. ఇంగ్లీషులో షామ్ అంటే బూటకం. ఆడవాళ్లలో సువాసన కాస్తా బూటకమై కూచుంది. రెండో మ్ కూడా పలకాల్సిందే బాబూ అని చెప్పి మరీ పలికించా."

అంటే అతుకు దగ్గర కోయాలి, అంతే కదా అనుకున్నాను. బొమ్మల పని నాకు తెలియందా? మా బొమ్మ ఒక్క కట్టె కాదు. తల వేరు, చేతులు వేరు, మొండెం వేరు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతాం. విడదీయాలంటే అతుకు దగ్గరే లాగాలి. ఆ తెలివితో, పకోడీలు తింటూ, నేనే తీర్పు చెప్పాను. "అప, రాజి, త. మధ్యలో రాజి ఉంది చూడు. ముద్దుగా ఉంది. రాజీ అని పంపెయ్."

బుజ్జి రోజంతా పని చేసి ఉంది. "సరే అమ్మమ్మా, నువ్వు పెట్టిన పేరు, నువ్వే కోశావు" అని పంపేసింది. షమీమ్ అప్పుడు స్నానానికి వెళ్లింది. తల తుడుచుకుంటూ వచ్చి, విని, తువ్వాలు వదిలేసింది.

"రాజీయా! రాజీ అంటే రాజీపడటం కదా! ఓటమి లేనిదానా, ఆఖరికి రాజీపడ్డావా?"

బుజ్జి కంప్యూటరు తెరిచి చూసింది. మెయిలు అప్పటికే వెళ్లిపోయింది.

"ఇంకా ఉంది. మొదటి రోజు మీటింగులో 'హలో, నేను రాజీ' అంటే మన తెలుగువాళ్లందరికీ వెనక 'నామా' వినిపిస్తది."

రాజీనామా. కుర్చీ ఎక్కిన రోజే దిగిపోయే కాగితం. పకోడీ చేదెక్కింది.

ఆ పేరు ఎందుకంటే

ఇక్కడ నా పేరు చెప్పాలి. పెంటమ్మ. నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే ముసలమ్మలు నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పెట్టి, మళ్లీ ఎవరో పారేసిన పిల్లలా తెచ్చుకున్నారు. చెత్త పేరు పెడితే చావు చీదరించుకుని పోతుందని. నేను బతికాను. చావుకు నిజంగానే అంత శుభ్రం ఉంటే మునిసిపాలిటీ వాళ్లందరూ నూరేళ్లు బతకాలి.

బుజ్జి ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో పట్టేంత. డాక్టరమ్మ ఆశ పెట్టుకోవద్దంది. మళ్లీ అవే ముసలమ్మలు, కాకపోతే కొత్త ముసలమ్మలు, చేట పట్టుకుని వచ్చారు. నేను చేట లాక్కున్నాను. ఒకసారి అబద్ధమాడి దాక్కున్నాం చాలు, ఈసారి మొహం మీదే చెబుదామన్నాను. ఆ నెలలోనే రాత్రిబడిలో మా టీచరు రత్నమణిగారు 'అ'తో మొదలయ్యే మాటలు రాయించారు. అమ్మ, అన్నం, అలక అయ్యాక, పలక చివర పెద్ద మాట ఒకటి రాశారు. అర్థం అడిగాను. చెప్పారు. పలక చెరపకుండా ఇంటికి తెచ్చుకున్నాను. వెంకట, నాగ మొక్కుల వాళ్లవి. అపరాజిత నాది.

అలాంటి పేరును నేనే రాజీ చేశాను. శనివారమంతా బుజ్జి బట్టలు ఉతుక్కుంటూ గడిపింది. అది తిట్టినా బాగుండేది. సాయంత్రం "ఆదివారం పామర్రు పోదాం, టీచరుగారు ఇప్పుడు అక్కడే ఉంటున్నారు" అన్నాను. ఫోను చేయొచ్చు కదా అంది. టీచరుగారికి ఫోనులో వినబడదు. "బాగున్నారా?" అంటే "భోంచేశానమ్మా" అంటారు.

కంకిపాడు, ఉయ్యూరు మీదుగా

కొండపల్లి నుంచి వచ్చినవాళ్లకు ఈ దారి చూస్తే కళ్లు మండుతాయి. మాకు కొండ, కరెంటు ఫ్యాక్టరీ బూడిద, ఎండ. ఇక్కడ రోడ్డు పక్కనే కాలవ, కాలవ పక్కన వరి, వరి పక్కన మళ్లీ కాలవ. పండి వంగిన వరిలోనే కోతకు ముందు మినుములు చల్లేస్తున్నారు. ఒక పంట ఇంకా లేవకముందే ఇంకో పంటను పడుకోబెట్టడం. ఇంత ఆత్రం మా వైపు భోజనాల బంతిలో తప్ప చూడలేదు.

బస్సులో బుజ్జి వేళ్లు మడుస్తూ పేర్లు ప్రయత్నించింది. "ఏపీ అంటే?"

"బండి నంబరు ప్లేటు."

"జితా?"

"జీతం ఎప్పుడొస్తది అంటారు."

"అప్పూ?"

"తీరిస్తే బాగుంటది."

"పోనీ, అపర?"

ముందు సీట్లో అరటిగెల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, అడ్డొస్తున్నానని అనుకోమాక. అపరకర్మలు అంటే తెలుసు కదా? దినం, పిండాలు, అవి. ఆడపిల్లకి ఆ పేరేంటండీ, పొద్దున్నే."

"మీ పేరేంటండీ?" అన్నాను, ఊరుకోలేక.

"వీరవెంకట సత్యనారాయణమూర్తి."

"పొట్టిగా ఏమంటారు?"

"మూర్తి అంటారు. కోపమొస్తే మా ఆవిడ నారాయణా అంటది. దేవుణ్ణి పిలుస్తందో నన్ను తిడతందో ఇప్పటికీ తెలవదు."

ఉయ్యూరులో చెరకు ఫ్యాక్టరీ వాసన బస్సులోకి వచ్చి కూర్చుంది, టిక్కెట్టు లేకుండా. బెల్లప్పాకం మాడినట్టు ఉంటుంది. బస్సు ఆగితే చెరకురసానికి దిగాను. గ్లాసు ఇరవై. కొండపల్లిలోనూ ఇరవయ్యే, కాకపోతే సగం ఐసు. ఇక్కడ ఐసు వద్దంటే నిజంగానే వేయలేదు. ఆ ఆశ్చర్యంలో తాగుతూ ఉంటే బస్సు కదిలింది. బుజ్జి కిటికీలోంచి "అమ్మమ్మా!" అని అరిచింది. మూర్తిగారు అరటిగెల ఎత్తి చూపిస్తూ డ్రైవరును ఆపారు. ఎక్కాక కండక్టరు అన్నాడు: "పేరేంటమ్మా నీది? పేరు తెలిస్తే పేరుతో పిలిచేవాళ్లం కదా."

"పెంటమ్మ."

"పర్లేదులెండి, ఏయ్ అనే పిలుస్తాం."

పామర్రు

రత్నమణి టీచరుగారి ఇల్లు సంతవీధి చివర, గుడికి వెళ్లే దారిలో. వాళ్లు గుడి అంటే చర్చి. మేం వెళ్లేసరికి ఆరాధన ముగించుకుని అప్పుడే వచ్చి, తెల్లచీర మార్చకుండానే కోడికూర పొయ్యి మీద వేడి చేస్తున్నారు. పక్కన గారెలు. కార్తీకమాసం నీసు ముట్టనని నేను నెలకు ముందే ఊరంతా చెప్పి ఉన్నాను. పామర్రు మా ఊరు కాదు కదా. ముట్టాను.

టీచరుగారు నన్ను చూడగానే అన్న మొదటి మాట, "పెంటమ్మా, ఇప్పటికైనా 'క్ష' వంకర లేకుండా రాస్తున్నావా?"

"అర్జీల్లో 'అక్షరాలా' అని రాయటానికి తప్ప అవసరం పడటంలేదండీ."

సంగతి చెప్పాను. చెవిలో అరిచి చెప్పాను కాబట్టి సంతవీధి మొత్తానికి తెలిసి ఉంటుంది. రాజీ దగ్గరికి వచ్చేసరికి టీచరుగారు గారె పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి నవ్వారు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. "ఆ రాజీ సంస్కృతం కూడా కాదే, ఉర్దూ. మన పేరు మధ్యలో దూరి దొంగలా కూచుంది. 'పరా'లోది రా, 'జిత'లోది జి. వేరే వేరే ఇళ్ల పిల్లల్ని లాక్కొచ్చి మొగుడూ పెళ్లాల్ని చేశావు."

నా అతుకుల తెలివి అంతటితో సరి. అతుకు దగ్గర కోశాననుకున్నాను. రెండు ముక్కల నడుమ రంపం పెట్టి, రెండింటినీ సగం సగం కోశాను.

"పోనీ అసలు అతుకు దగ్గరే కోద్దాం" అంది బుజ్జి. "అ ఒకటి, పరాజిత ఒకటి. అతుకు దగ్గర కోస్తే మా దొర అన్నదే వస్తది కదండీ, టీచరుగారూ?"

"వస్తది. ఆ అ ఉందే, అది పేరుకి తాళం. తాళం తీసేసి ఇల్లు ఉందిగా అంటే ఎట్లా? కొన్ని పేర్లకి వెనక ముక్క వదలొచ్చు. కొన్నిటికి ముందుది. దీనికి రెండూ కుదరవు."

అలా అని గోడకు తగిలించిన కేలెండరు చించి, వెనక వైపు పెద్ద అక్షరాలు రాశారు. అ, పరా, జిత. మధ్య ఖాళీలు వదిలి. "అ అంటే కాదు. జిత అంటే గెలవబడింది, అంటే ఎవరి చేతిలోనో ఓడింది. పరా దాని ముందు చేరి ఆ ఓటమిని ఇంకా గట్టి చేస్తది. బాగా ఓడింది, చిత్తుగా ఓడింది, అట్లా." తర్వాత రెండు వేళ్లు 'పరా' మీద అడ్డంగా పెట్టారు. "ఇప్పుడు చదవ్వే, అమ్మాయ్."

బుజ్జి చదివింది. "అ... జిత." ఆగింది. మళ్లీ చదివింది. "అజిత. ఓడనిది."

"ఓటమికి ఊపు తీసేశాం. ఓడకపోవడం అక్కడే ఉంది. ఇది నేను చేసింది కాదు, ఎప్పటి నుంచో ఉన్న పేరే."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. బొమ్మ అట్టపెట్టెలో పట్టకపోతే మా ఆయన తల కోసేవాడు కాదు, కాళ్లు కోసేవాడు కాదు. నడుం దగ్గర వేలెడు ముక్క తీసి, పైదీ కిందదీ మళ్లీ అతికేవాడు. కొన్నవాళ్లకు తెలిసేది కాదు. నలభై ఏళ్లు ఆ బొమ్మలకు నేనే రంగులు వేశాను. అవసరమైనప్పుడు ఆ సంగతి బుర్రకు తట్టలేదు. పైగా పకోడీలు తింటూ తీర్పులు.

"ఏమీ పోలేదంటారా?" అని అడిగాను.

"ఎందుకు పోదూ? పాడుకోవటానికి పొడుగు పేరులో ఉన్న సాగదీత పోయింది. తూకం తగ్గింది. అర్థం తగ్గలా. ఇది వాళ్ల నోటికి. పెద్ద పేరు సంతకానికి ఉంచుకో. మెయిలు అడుగున రెండూ రాసుకో."

బుజ్జి గారె ముక్క చిదుపుతూ కూర్చుంది. "అసలు నేనే ఎందుకు కోసుకోవాలండీ? వాళ్లు నేర్చుకోకూడదా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. టీచరుగారు సరిగ్గా వినపడనట్టు నటించలేదు. "నేర్చుకోవాలి. సగం నువ్వు కోస్తావు. మిగిలిన సగం వాళ్లు నేర్చుకోవాలి. ఆ సగం మాత్రం వదలమాక."

ఆ సగం ఏమిటో కూడా అక్కడే తేలింది. బుజ్జి పాస్‌పోర్టులో పేరు చివర 'త'కు టి, హెచ్ రాసి ఉంది. మనవాళ్లందరం అలాగే రాస్తాం. అది చూస్తే దొరలు పళ్ల మధ్య నాలుక పెట్టి బుస్సుమంటారట. హెచ్ తీసేస్తే 'ట' అంటారు. 'ట' తో అర్థం చెడదు, బుస్సు కన్నా నయం. హెచ్ పోయింది. రెండో చిక్కు పెద్దది. వాళ్ల అలవాటు ప్రకారం మళ్లీ 'జి' మీదే కూర్చుంటే అ మళ్లీ ఎగిరిపోతుంది. మిగిలేది జిత. అంటే మళ్లీ ఓడిందే. పొట్టి చేసినంత మాత్రాన జబ్బు పోలేదు.

"బరువు తల మీద పెట్టించు" అన్నారు టీచరుగారు. "ఎట్లా పెట్టించాలో మీ అమ్మమ్మకి తెలుసు."

నాకేం తెలుసో నాకు తెలియలేదు. గిన్నెలో కోడికూర పెట్టి ఇచ్చారు. తిరుగు బస్సులో అది మూత జారి నా చీరె మీద పడింది. కార్తీకమాసం శిక్ష వెంటనే వేసేస్తుంది, వాయిదాలు ఉండవు.

మళ్లీ బెంజ్ సర్కిల్

బస్సులోంచే బుజ్జి దొరకు రాసింది: రాజీ వద్దు, అజిత అని పెట్టండి. సోమవారం మూడు గంటలకు తెర వెలిగింది. షమీమ్ తన కంప్యూటరు వదిలి నా పక్కన మంచమ్మీద చేరి, వాళ్ల మాటలు నా చెవిలో తెలుగు చేస్తూ ఉంది. తెర మీద రెండు తెల్లమొహాలు. ఒకావిడ హెలెన్. రెండోది ఆ దొర. గడ్డం ఎర్రగా, మేం చేసే గుమస్తా బొమ్మలా ఉన్నాడు. అతని పేరు ఇంగ్లీషులో ఐదక్షరాలు, ఒకదానికొకటి అతకవు. మా పిల్లలు మూడు నెలలుగా "టాద్గ్" అంటున్నారు. ఎవరో తుమ్మబోయి ఆపుకున్నట్టు.

బుజ్జి గొంతు సవరించుకుంది. దొర తెర కింద ఉన్న పేరు చూశాడు. నేను చీరె చెంగు పట్టుకున్నాను.

"గుడ్ మార్నింగ్," అన్నాడు, "జీటా."

షమీమ్ నా మోచెయ్యి నొక్కింది. బుజ్జి కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. నవ్వేసి ఊరుకుంటుందేమో అనుకున్నాను. మూడు నెలలుగా చేసింది అదే. ఊరుకోలేదు. "సారీ, ముందు ఒక అక్షరం ఉంది. అది లేకపోతే నా పేరు తిరగబడుతుంది" అంది ఇంగ్లీషులో. తిరగబడడం అంటే ఏమిటో కూడా చెప్పింది. మూడు నెలల 'పరాజిత' సంగతి కూడా. దొర మొహం గడ్డం రంగుకు వచ్చింది.

"ఎలా అనాలి?" అని అడిగాడు. "అహ్... జీటా? ఏజీటా?"

రాదు. మళ్లీ అన్నాడు. రాదు. హెలెన్ ప్రయత్నించింది. రాలేదు. అందరూ మర్యాదగా పక్కచూపులు చూడటం మొదలుపెట్టారు. ఇంకాస్త ఉంటే "షమీమ్..." అని అటు తిరిగేవాడే.

నేను లేచాను. లేవకూడదని ముందే ఒట్టు వేయించుకున్నారు, అయినా లేచాను. ఉతికినా పోని కూర మరక చీరెతోనే బుజ్జి పక్కకు పోయి మొహం తెరకు ఆనించాను. రాత్రిబడిలో మొదటి రోజు టీచరుగారు మా అందరి చేత చేయించింది చేశాను. అరచెయ్యి గడ్డం కింద పెట్టాను. "అ" అన్నాను. గడ్డం చేతిని తాకింది. మళ్లీ "అ".

"ఎవరు ఈవిడ?" అని దొర అడిగాడని షమీమ్ చెప్పింది.

"టీచరు" అంది బుజ్జి.

దొర చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నాడు. అంత గడ్డంలో చెయ్యి ఎక్కడ పోయిందో తెలియలేదు. "అ" అన్నాడు. హెలెన్ కూడా పెట్టుకుంది. "అ." రాత్రిబడిలో మావాళ్లకు ఆ అక్షరానికి ఒక పూట పట్టింది, నాకు రెండు. వాళ్లకు పెద్దగా పట్టలేదు. "ఇప్పుడు దాన్నే గట్టిగా అని, మిగతాది జారవిడవమను" అన్నాను. షమీమ్ చెప్పింది.

"అ-జిటా," అన్నాడు. "అజిటా. అజిటా, ఇవాళ ఏముంది?"

అదీ మాట. "ఇవాళ ఏముంది" అని ఆ పిల్లను అడిగాడు. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ మధ్యలో ఎవరూ షమీమ్ వైపు చూడలేదు.

చివర్లో దొర గడ్డం గోక్కుంటూ, ఇప్పుడు నేనూ ఒకటి చెప్పాలి, నా పేరు టాద్గ్ కాదు, టైగ్, అన్నాడు. ఇంగ్లీషు టైగర్‌లో చివరి రెండక్షరాలు తీసేస్తే వస్తుందట. అర్థం కవి అట. మా పిల్లలిద్దరూ నోళ్లు తెరిచారు. హెలెన్ రోజూ టైగ్ టైగ్ అంటుంటే, టైగ్ అనేవాడు ఇంకెవరో ఉన్నాడని మెయిల్లో వెతికారట ఈ మహాతల్లులు.

"మూడు నెలలుగా ఎందుకు చెప్పలేదు?" అంది బుజ్జి.

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు.

చివరికి నా పేరడిగాడు. పెంటమ్మ అన్నాను. "పెంటమ్మా," అన్నాడు ఒక్క తడబాటు లేకుండా. పైగా 'పెంట' అంటే గ్రీకులో ఐదు, చాలా మంచి పేరు అని మెచ్చుకున్నాడు. అర్థం చెప్పబోయిన బుజ్జి నోరు మూశాను. జీవితంలో ఒక్కడు మెచ్చుకున్నాడు, ఉండనీయవే అన్నాను.

ఆ రోజు ఆ గదిలో, ఆ తెర మీద ఉన్నవాళ్లం: టైగ్, పులిలో సగం పైచిలుకు, అర్థానికి కవి. హెలెన్, ఆవిడ పేరుకు చికిత్స అవసరం పడలేదు. షమీమున్నీసా, రెండో మ్ పలికితేనే సువాసన. గదిలో లేకపోయినా గడ్డం కింద చెయ్యి పెట్టిన ప్రతివాడి దగ్గరా ఉన్న రత్నమణి టీచరుగారు. నేను, పెంటమ్మ. ఇంకా వెంకట నాగ అపరాజిత, పని రోజుల్లో అజిత, అ మీద బరువు పెట్టి.